కొత్తగా చేరేవారికి టీమ్ లీడ్ మొదటి మెసేజ్ ఎలా రాయాలి?

నేను మొదటి ఉద్యోగంలో చేరిన రోజు టీమ్ గ్రూపు నిండా "వెల్‌కమ్"లే. మధ్యాహ్నం ఒంటిగంటకి అందరూ లేచి భోజనానికి వెళ్ళిపోయారు. నన్ను రావద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. క్యాంటీన్‌లో గోడవైపు తిరిగి, ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ పెరుగన్నం తిన్నాను. అందుకే ఇప్పుడు నా టీమ్‌లోకి ఎవరు వస్తున్నా, నేను పంపే మెసేజ్‌లో భోజనం మాట తప్పకుండా ఉంటుంది.

ముందురోజు రాత్రి కొత్తవాళ్ళకి ఉండే టెన్షన్ చాలావరకు చిన్న విషయాల గురించే. ఏ గేటు నుంచి రావాలి, లోపల ఎవరిని అడగాలి, ఎవరితో తినాలి, మొదటిరోజే పని చెప్తారా? వీటికి జవాబులు దొరికితే మనిషి సగం కుదుటపడతాడు.

1. పిలిచే పేరు తెలుసుకోండి

మన పేర్లతో ఇక్కడే చిక్కు. ఆఫర్ లెటర్‌లో ఇంటిపేరు ముందుంటుంది, తర్వాత నాగ వెంకట లక్ష్మీ ప్రసన్న అని ఉంటుంది. సిస్టమ్ మొదటి మాట పట్టుకుని ఇంటిపేరుతోనో "నాగ" అనో చూపిస్తుంది. ఆఫీసంతా అదే అలవాటు చేసుకుంటే, సరిదిద్దడానికి కొత్తమనిషి మొహమాటపడుతుంది. "మిమ్మల్ని ఏమని పిలుస్తారు?" అని హెచ్‌ఆర్ ద్వారా ముందే కనుక్కోండి.

2. మాట ఇచ్చేముందు ఏర్పాటు చేయండి

రిసెప్షన్‌కి ఎవరు వెళ్తారో, భోజనానికి ఎవరు తీసుకెళ్తారో ఆ మనిషిని అడిగి ఖాయం చేసుకోండి. ల్యాప్‌టాప్ ఎప్పటికి చేతికొస్తుందో ఐటీ వాళ్ళని అడగండి. ఆలస్యమైతే ఆ మాటే రాయండి.

3. ముందురోజు సాయంత్రం పంపండి

ఆఫీసు మెయిల్ ఇంకా తెరుచుకుని ఉండదు కాబట్టి వాట్సాప్‌లోనే పంపాల్సి రావచ్చు. ఉద్యోగాల పేరుతో మోసాలు ఎక్కువైన రోజులివి. తెలియని నంబరు చూసి భయపడకుండా, మీరెవరో, నంబరు ఎలా వచ్చిందో మొదట్లోనే చెప్పండి. బిల్లింగ్ టీమ్‌లో చేరే ప్రసన్నకైతే ఇలా రాయవచ్చు:

> ప్రసన్న గారూ, నమస్తే. మీరు రేపు చేరబోయే బిల్లింగ్ టీమ్‌కి నేను లీడ్‌ని. మీ నంబరు హెచ్‌ఆర్ వాళ్ళు ఇచ్చారు. ఉదయం 9:30కి రెండో గేటు దగ్గరికి రండి. సెక్యూరిటీ వాళ్ళు ఐడీ అడుగుతారు, ఒరిజినల్ ఆధార్ దగ్గర ఉంచుకోండి. టీమ్ నుంచి లావణ్య రిసెప్షన్‌కి వచ్చి మిమ్మల్ని పైకి తీసుకొస్తుంది. ల్యాప్‌టాప్ వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది, అందాకా ఖాళీగా ఉన్నానని కంగారు పడొద్దు. ఒంటిగంటకి మేం ఆరుగురం కలిసి తింటాం, మీరూ మాతోనే. బాక్స్ తెచ్చుకున్నా సరే, క్యాంటీన్‌లో తీసుకున్నా సరే. నాలుగింటికి మనిద్దరం ఒక పావుగంట కూర్చుందాం. రిఫండ్ లెక్కలు మీకు బాగా తెలుసని ఇంటర్వ్యూలో గమనించాను, మాకు సరిగ్గా అక్కడే మనిషి కావాలి. ఇక్కడ అందరం పేర్లతోనే పిలుచుకుంటాం, రేపటి నుంచి నేనూ ప్రసన్నా అనే అంటాను.

ఇందులో "ఏదైనా అవసరమైతే అడగండి" అనే వాక్యం లేదు. కావాలనే వదిలేశాను. చేరిన రోజు ఎవరూ అడగరు, పక్కవాళ్ళని ఇబ్బంది పెడుతున్నామేమో అని ఊరుకుంటారు. దాని బదులు నాలుగింటికి కలుద్దాం అని టైమ్ చెప్తే, ప్రశ్నలన్నీ దాచుకుని వస్తారు. అలాగే "మీలాంటి ప్రతిభావంతులు దొరకడం మా అదృష్టం" అనే పొగడ్త కూడా వద్దు. అది ఎవరికైనా రాయొచ్చు. రిఫండ్ లెక్కల మాట ప్రసన్నకి మాత్రమే రాయగలం, తనని ఎందుకు తీసుకున్నారో దానితో తెలుస్తుంది.

4. గ్రూపులో పరిచయం

ఇది చేరిన రోజు ఉదయం, ఆమె సీటు దగ్గరికి వచ్చాక పెట్టండి. రెండు మూడు వాక్యాలు చాలు: పేరు, ఏ పని చూస్తుంది, ఏ సీటులో ఉంది. టీమ్‌లో తెలుగు రానివాళ్ళు ఒక్కరున్నా అందరికీ అర్థమయ్యే భాషలోనే రాయండి. పాత కంపెనీ, ఊరు, పెళ్ళి, ఉద్యోగంలో వచ్చిన గ్యాప్ వంటివి ఆమెను అడగకుండా రాయకండి. గ్యాప్ ఎందుకొచ్చిందో పాతికమందికి సంజాయిషీ చెప్పుకుంటూ మొదటిరోజు గడపాల్సి వస్తుంది. పెట్టేముందు ఆమెకి చూపించి, "ఇలా సరేనా?" అనండి.

5. పనిచేసిందో లేదో చూడండి

ముందురోజు మెసేజ్‌కి "థాంక్యూ సర్" అని మాత్రమే వస్తే ఇంకా బెరుకు ఉన్నట్టే. "బండి ఎక్కడ పార్క్ చేయాలి?" లాంటి ప్రశ్న వస్తే మీ మెసేజ్ పనిచేసినట్టు. నాలుగింటికి కలిసినప్పుడు "ఎలా ఉంది?" అంటే "బాగుందండీ" అనే జవాబే వస్తుంది. "ఏ యాక్సెస్ ఇంకా రాలేదు? ఎవరి పేరు గుర్తుండలేదు?" అని అడగండి. రేపు భోజనానికి ఎవరితో వెళ్తుందో కూడా అప్పుడే కనుక్కోండి.