ఆర్‌బీఐ పాలసీ వారానికి ముందు: దూరపు ఆప్షన్లలో 'రో' సరిచూసుకోండి

వడ్డీ మారితే ఆప్షన్ ధర ఎంత మారుతుందో చెప్పే కొలత రో. వీక్లీ ఆప్షన్లు మాత్రమే ఆడేవాళ్లు దాన్ని పట్టించుకోకపోయినా పెద్దగా పోయేదేమీ లేదు. ఎక్స్‌పైరీకి వారం ఉన్న నిఫ్టీ కాల్‌కి వడ్డీ అర శాతం మారితే తేడా రూపాయి, రూపాయిన్నర. కానీ ఎన్ఎస్ఈలో నిఫ్టీకి జూన్, డిసెంబర్ కాంట్రాక్టులు ఐదేళ్ల దూరం వరకూ ఉంటాయి. అమీర్‌పేట, కూకట్‌పల్లిలో ఇంటి నుంచి ట్రేడ్ చేస్తూ ఆ దూరపు కాల్ కొని పెట్టుకున్నవాళ్లకు మానిటరీ పాలసీ వారం వేరే రకం వారం. 'వడ్డీ తగ్గితే మార్కెట్‌కి మంచిది, కాబట్టి నా కాల్‌కీ మంచిది' అనుకోవడంలో సగమే నిజం. మిగతా సగం రో చెబుతుంది.

కోకాపేటలో ఒక ఫ్లాట్‌ని రెండేళ్ల తర్వాత కోటి రూపాయలకు కొనే హక్కు మీ చేతిలో ఉందనుకోండి. బ్యాంకు ఏడాదికి 6 శాతం ఇస్తుంటే ఆ కోటి సిద్ధం కావడానికి ఈరోజు 89 లక్షలు పక్కన పెట్టాలి. 7 శాతం ఇస్తే 87.34 లక్షలు చాలు. ఫ్లాట్ ధర కదలకపోయినా మీ హక్కు విలువ పెరిగింది. కాల్ అంటే అదే, డబ్బు తర్వాత కట్టే హక్కు. వడ్డీ పెరిగితే దాని విలువ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. పుట్ అంటే డబ్బు తర్వాత అందుకునే హక్కు కాబట్టి అక్కడ లెక్క తిరగబడుతుంది.

వడ్డీ ఒక శాతం మారితే ప్రీమియం ఎంత మారుతుందో చెప్పే సూత్రం ఇది:

```
rho_call =  K * T * exp(-r*T) * N(d2)  / 100
rho_put  = -K * T * exp(-r*T) * N(-d2) / 100
```

ఇందులో `K` స్ట్రైక్, `r` వడ్డీ, `N(d2)` మోడల్ లెక్కలో నిఫ్టీ స్ట్రైక్ పైన ముగిసే అవకాశం. ఏళ్లలో లెక్కించిన కాలం `T` నేరుగా గుణకంగా కూర్చుంది చూడండి. దూరం పెరిగేకొద్దీ రో ఎందుకు బరువెక్కుతుందో అక్కడే ఉంది.

అంకెలతో చూద్దాం. నిఫ్టీ 25,000, స్ట్రైక్ 25,000, గడువు రెండేళ్లు, వడ్డీ 6 శాతం, డివిడెండ్ 1.2 శాతం, ఐవీ 16 అనుకుందాం. కాల్ ధర సుమారు 3,400, పుట్ ధర సుమారు 1,166 వస్తాయి. కాల్ రో 276, పుట్ రో మైనస్ 168. రెండేళ్ల వడ్డీ అర శాతం తగ్గితే, మిగతావేవీ కదలకపోతే, కాల్ 138 రూపాయలు పడుతుంది, పుట్ 84 పెరుగుతుంది. 65 యూనిట్ల ఒక్క లాట్ మీద కాల్ కొన్నవాళ్లకు దాదాపు తొమ్మిది వేల నష్టం. ఈ కాల్ డెల్టా 0.69 కాబట్టి ఆ 138 పూడాలంటే నిఫ్టీ 200 పాయింట్లు పెరగాలి. వడ్డీ కోతకు మార్కెట్ 150 పాయింట్లు ఎగిరి, చేతిలోని కాల్ మాత్రం ఎరుపులో ఉంటే బ్రోకర్ తప్పనుకోకండి, ముందు ఈ లెక్క వేయండి.

దూరపు కాల్ కొని, నెలనెలా దగ్గరి కాల్ అమ్ముకునేవాళ్లు ఇక్కడే ఎక్కువగా పొరబడతారు. డెల్టా కొంత సర్దుకుంటుంది, రో సర్దుకోదు. అమ్మిన నెల కాల్‌లో రో పది రూపాయల చుట్టూ ఉంటుంది, కొన్నదాంట్లో 276. అంటే వడ్డీ ప్రమాదం దాదాపు అంతా మీ దగ్గరే ఉంది. దాన్ని తగ్గించుకోవాలంటే అదే ఎక్స్‌పైరీలో పై స్ట్రైక్ కాల్ అమ్మాలి. పై లాభానికి హద్దు పడుతుంది, అది దాని ఖరీదు.

ఇక అసలు జాగ్రత్త: కాలిక్యులేటర్‌లో ఏ వడ్డీ ఉందో చూడండి. చాలామంది దాన్ని వచ్చినట్టే వదిలేస్తారు. పై ఉదాహరణలో 6కి బదులు 10 శాతం ఉందనుకోండి. ఆ వడ్డీకి ఈ కాల్ కనీస విలువే 3,939 అవుతుంది. మార్కెట్ ధర 3,400. ఏ ఐవీ పెట్టినా సరిపోదు కాబట్టి ఐవీ గడి సున్నా చూపిస్తుంది, లేదా ఖాళీగా ఉంటుంది. అదే స్ట్రైక్ పుట్ ఐవీ మాత్రం అసలుకంటే బాగా ఎక్కువగా కనిపిస్తుంది. ఒకే స్ట్రైక్, ఒకే గడువులో కాల్ ఐవీ, పుట్ ఐవీ దూరంగా ఉన్నాయంటే ముందు అనుమానించాల్సింది మీరు పెట్టిన వడ్డీనే, ఆ తర్వాత డివిడెండ్‌ని. ఇది చూసుకోకుండా 'కాల్ చవగ్గా ఉంది' అని కొనేస్తే లేని బేరాన్ని కొన్నట్టే. ఈ ఆప్షన్‌లో అర శాతం వడ్డీ తప్పు ఐవీలో ఒక పాయింట్‌కు పైగా తప్పుతో సమానం.

మరి ఏ వడ్డీ పెట్టాలి? రెపో రేటు కాదు. అది ఓవర్‌నైట్ డబ్బు ధర, మీ కాల్‌కి కావాల్సింది రెండేళ్ల డబ్బు ధర. నిఫ్టీ ఫ్యూచర్స్ మూడు నెలలకు మించి లేవు కాబట్టి అక్కడా దొరకదు. ఆప్షన్ల నుంచే తీయాలి. ఒకే ఎక్స్‌పైరీలో రెండు స్ట్రైక్‌లు తీసుకోండి. కింది స్ట్రైక్‌లో కాల్ ధరలోంచి పుట్ ధర తీసేయండి, పై స్ట్రైక్‌లోనూ అంతే చేయండి, మొదటి దాంట్లోంచి రెండోది తీసేయండి. వచ్చిన అంకెని `box` అందాం:

```
r = ln((K2 - K1) / box) / T
```

డివిడెండ్ ఇందులో దానంతటదే కొట్టుకుపోతుంది. 24,000, 26,000 స్ట్రైక్‌లతో `box` 1,774 వస్తే వడ్డీ 6 శాతం. కానీ దూరపు కాంట్రాక్టుల్లో బిడ్‌కీ ఆస్క్‌కీ మధ్య ఖాళీ పెద్దది. నాలుగు ధరల్లో కలిపి 20 రూపాయల తేడా వచ్చినా జవాబు 5.4కీ 6.6కీ మధ్య ఊగుతుంది. అందుకే స్ట్రైక్‌ల మధ్య దూరం పెంచండి. 20,000, 30,000 తీసుకుంటే అదే 20 రూపాయలు 0.11 శాతం తప్పే ఇస్తుంది. ఎప్పుడో జరిగిన చివరి ట్రేడ్ ధర వాడొద్దు. నాలుగింటికీ ఒకే నిమిషంలో బిడ్, ఆస్క్ మధ్య విలువలు రాసుకోండి. నాలుగింటిలో ఒక్కదానికైనా ఒకవైపు ధర లేకపోతే ఆ జతను వదిలేయండి.

పాలసీకి వారం ముందు ఒకసారి, పాలసీ అయిన సాయంత్రం ఒకసారి ఈ వడ్డీ తీయండి. రోని గుణించాల్సింది ఆ రెండింటి తేడాతో, గవర్నర్ ప్రకటించిన అంకెతో కాదు. మార్కెట్ ముందే ఊహించిన కోత ప్రీమియంలో ముందే కలిసిపోయి ఉంటుంది. 2025 జూన్ 6న రెపోని 50 బేసిస్ పాయింట్లు తగ్గించి 5.50కి తెచ్చారు, అదే రోజు పాలసీ వైఖరిని 'న్యూట్రల్'కి మార్చారు. ఆ తర్వాతి వారాల్లో పదేళ్ల బాండు యీల్డు తగ్గకపోగా పెరిగింది. రెపో అంకెతో రో లెక్క వేసుకున్నవాళ్లకు దూరపు గడువుల్లో దిశే తప్పి ఉంటుంది.

ఇదే కారణంతో రెండేళ్ల కాల్ రోనీ, ఐదేళ్ల పుట్ రోనీ కలిపి 'నికరం సున్నా' అని ఊరుకోకండి. ఆ రెండు వడ్డీలు కలిసి కదలాలని లేదు. గడువువారీగా విడివిడిగా రాసుకోండి.

క్యాలెండర్ మీదే భరోసా పెట్టుకోవద్దు. 2022 మే 4న షెడ్యూల్‌లో లేని ప్రకటనతో రెపోని 4 నుంచి 4.40కి పెంచారు. అక్కడి నుంచి 2023 ఫిబ్రవరికి 6.50కి చేరింది. ఒక్కో సమావేశంలో చిన్నగా కనిపించిన మార్పు కలుపుకుంటే రెండున్నర శాతం. దూరపు కాల్ అమ్మినవాళ్లూ, పుట్ కొన్నవాళ్లూ ఆ మార్పులో తమ గడువు వడ్డీకి ఎంత చేరిందో నెలనెలా చూసుకోవాలి. ఆ మొత్తం నిఫ్టీలో ఎన్ని పాయింట్లకు సమానమో, మీ రోని ఆ వడ్డీ మార్పుతో గుణించి, డెల్టాతో భాగించి చూడండి. అన్ని పాయింట్ల నష్టం మీరు భరించలేరనిపిస్తే పాలసీకి ముందే లాట్లు తగ్గించండి. ప్రకటన వెలువడిన గంటలో దూరపు కాంట్రాక్టుల్లో ఖాళీ ఇంకా పెరుగుతుంది, అప్పుడు మార్కెట్ ఆర్డర్ వేస్తే రో తినేదానికంటే ఆ ఖాళీయే ఎక్కువ తినొచ్చు. లిమిట్ ఆర్డరే పెట్టండి.