టొరెంట్ ఆగిపోయిందా? ముందు ఎక్కడ ఆగిందో చూడండి

కొత్త లైనక్స్ వెర్షన్ వచ్చిన రోజు దాన్ని దించుకోవడానికి రెండు దారులు. ఒకటి వెబ్‌సైట్ నుంచి నేరుగా, రెండోది టొరెంట్. రెండూ మొరాయిస్తాయి గానీ ఒకే కారణంతో కాదు. ఇక్కడ 640 ఎంబీ ఐఎస్ఓ ఒకటి, qBittorrent సాఫ్ట్‌వేర్ తీసుకుని చూద్దాం. వేరే టొరెంట్ క్లయింట్లలో మెనూల పేర్లు మారతాయి, లోపల జరిగేది దాదాపు ఇదే.

సమస్య: వెబ్‌సైట్ నుంచి డౌన్‌లోడ్ నత్తనడక, లేదా మధ్యలో తెగిపోయింది

ఇది క్లయింట్-సర్వర్ పద్ధతి. ఫైలు ఉన్నది సర్వర్ దగ్గర, అడిగేవాళ్లందరికీ అదే ఇవ్వాలి. సర్వర్‌కు 1 జీబీపీఎస్ లైను ఉందనుకోండి. అంటే సెకనుకు 125 ఎంబీ. ఒకేసారి వెయ్యి మంది దించుకుంటే తలా 125 కేబీ వస్తుంది. 640 ఎంబీకి గంటా ఇరవై ఐదు నిమిషాలు. మీ ఇంట్లో 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్నా ఒరిగేదేమీ లేదు, ఇరుకు అవతలి వైపు ఉంది.

టొరెంట్‌లో దించుకునే ప్రతివాడూ తన దగ్గరికి వచ్చిన ముక్కలను అప్పటికప్పుడే ఇతరులకు పంపుతాడు. జనం పెరిగే కొద్దీ పంపేవాళ్లూ పెరుగుతారు. విడుదల రోజున టొరెంట్ వేగంగా ఉండటానికి కారణం ఇదే.

సగంలో తెగిన ఫైలును పారేయకండి. సర్వర్ ఒప్పుకుంటే `wget -c` ఆగిన చోటి నుంచి కొనసాగిస్తుంది. లేదంటే అదే ఐఎస్ఓ టొరెంట్‌ను ఆపిన స్థితిలో యాడ్ చేసి, సేవ్ అయ్యే ఫోల్డర్‌లో ఆ సగం ఫైలు పెట్టండి. బ్రౌజర్ చివర తగిలించిన `.part` లేదా `.crdownload` తీసేసి, టొరెంట్‌లో ఉన్న పేరే అక్షరం తేడా లేకుండా ఇవ్వాలి. తర్వాత రైట్ క్లిక్ చేసి `Force recheck`. వచ్చినంత మేర ముక్కలు సరిపోతే వాటిని ఉంచుకుని, మిగతావే దించుకుంటుంది.

సమస్య: `Downloading metadata` దగ్గరే కూర్చుంది

మీరు మాగ్నెట్ లింక్ ఇచ్చారన్నమాట. అందులో ఫైలు గురించిన వివరాలు దాదాపు ఉండవు, ముఖ్యంగా ఉండేది 40 అక్షరాల హ్యాష్, అంటే ఆ టొరెంట్‌కు వేలిముద్ర లాంటిది. ఫైలు పేరు, ముక్కల జాబితా కూడా అదే టొరెంట్ పంచుకుంటున్న ఇతరుల, అంటే పీర్ల దగ్గర నుంచే రావాలి. కాబట్టి ఇక్కడ ఆగిందంటే వేగం సంగతి తర్వాత, అసలు పీర్లే దొరకలేదు.

పీర్లను వెతకడానికి పాత పద్ధతి ట్రాకర్. ఈ హ్యాష్ ఎవరెవరి దగ్గర ఉందని అడిగితే ఐపీ అడ్రసుల జాబితా ఇస్తుంది. ఫైలు మాత్రం దాని దగ్గర ఉండదు. నిజానికి ఇదీ ఒక చిన్న సర్వరే, పడిపోతే కొత్తవాళ్లకు దారి తెలీదు. అందుకే డీహెచ్‌టీ వచ్చింది. అందులో ప్రతి కంప్యూటర్‌కూ హ్యాష్ అంత పొడవే ఉన్న ఒక ఐడీ ఉంటుంది. మీ క్లయింట్ తనకు తెలిసినవాళ్లలో హ్యాష్‌కు దగ్గరి ఐడీ ఉన్నవాళ్లను అడుగుతుంది, వాళ్లు ఇంకా దగ్గరివాళ్లను చూపిస్తారు. అలా కొన్ని అంచెల్లో, ఆ హ్యాష్‌కు సంబంధించిన పీర్ల జాబితా దాచుకున్నవాళ్ల దాకా చేరుతుంది.

కింద స్టేటస్ బార్ చూడండి. `DHT: 0 nodes` అని ఉంటే చాలావరకు యూడీపీ ఆగిపోతోంది, ఎందుకంటే డీహెచ్‌టీ నడిచేది దాని మీదే. హాస్టల్, ఆఫీస్ వైఫైల్లో ఇది మామూలే. మొబైల్ హాట్‌స్పాట్‌కు మార్చి చూస్తే తేలిపోతుంది. అక్కడ నోడ్లు వందల్లో కనిపిస్తే తప్పు నెట్‌వర్క్‌ది. అలాంటి నెట్‌వర్క్‌లో మాగ్నెట్ బదులు `.torrent` ఫైలు తీసుకుంటే ముక్కల జాబితా ముందే వచ్చేస్తుంది, ట్రాకర్ హెచ్‌టీటీపీ మీద పనిచేస్తే పీర్లూ దొరకవచ్చు. నోడ్లు పుష్కలంగా ఉండి కూడా ఎవరూ దొరకలేదంటే ఆ ఫైలు ఉంచుకున్నవాళ్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో లేరు. ఎక్కడి నుంచో వందల ట్రాకర్ల లిస్టు తెచ్చి అతికిస్తే లేని సీడర్ పుట్టుకురాడు.

సమస్య: పీర్లు ఉన్నారు, వేగం మాత్రం లేదు

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. వెంటనే ఐఎస్‌పీని తిట్టుకునే ముందు `Peers` ట్యాబ్‌లో `Flags` కాలమ్ చూడండి. పెద్ద `D` అంటే ఆ పీర్ దగ్గర నుంచి ముక్కలు వస్తున్నాయి. చిన్న `d` అంటే మీకు కావలసినవి అతని దగ్గర ఉన్నాయి గానీ ఇవ్వడం లేదు.

ఇవ్వకపోవడానికి లెక్క ఉంది. మామూలు క్లయింట్ ఒకేసారి కొద్దిమందికే పంపుతుంది. పది సెకన్లకోసారి, తనకు ఎవరు ఎక్కువ ఇస్తున్నారో చూసి వాళ్లకే స్లాట్లు ఇస్తుంది. దాంతోపాటు ముప్పై సెకన్లకోసారి ఒక స్లాట్ ఎవరో ఒకరికి ఊరికే ఇస్తుంది. ఇవ్వడానికి ఏమీ లేని కొత్తవాడికి మొదటి ముక్కలు దొరికేది ఎక్కువగా ఆ దారిలోనే. కాబట్టి మొదటి కొన్ని నిమిషాలు నెమ్మదిగా ఉండటం సహజం. టెన్షన్ పడి పదేపదే ఆపి మొదలుపెడితే ప్రతిసారీ మళ్లీ కొత్తవాడిలా క్యూలో నిలబడాలి.

చాలాసేపైనా అన్నీ `d` లే ఉంటే అప్‌లోడ్ లిమిట్ చూడండి. డేటా మిగులుతుందని దాన్ని 5 కేబీకి బిగించినవాళ్లకు ఇతరుల స్లాట్లు దక్కడం కష్టం. అలాగని పూర్తిగా వదిలేస్తే అప్‌లోడ్ లైను నిండిపోయి డౌన్‌లోడ్ కూడా తడబడుతుంది. స్పీడ్ టెస్ట్‌లో అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ వస్తే అది సెకనుకు 1250 కేబీ. అందులో 1000 దాకా ఇవ్వండి.

అసలు కనెక్ట్ అయిన పీర్లే తక్కువగా ఉంటే కథ వేరు. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ చూడండి. అది `100.64` నుంచి `100.127` మధ్యలో మొదలైతే ఐఎస్‌పీ ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచుతోందని అర్థం. మీరు బయటికి కనెక్ట్ కాగలరు గానీ బయటివాళ్లు మీ దగ్గరికి రాలేరు. అవతలివాడిదీ అదే పరిస్థితైతే చాలాసార్లు ఇద్దరూ కలవలేరు. అప్పుడు రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా వృథా, ఎందుకంటే అడ్డున్న పెట్టె మీ ఇంట్లో లేదు. ఐపీవీ6 ఆన్ చేసి చూడండి, లేదంటే ఐఎస్‌పీని పబ్లిక్ ఐపీ అడగండి. వ్యాన్ ఐపీ పబ్లిక్‌దైతే మాత్రం ఫార్వర్డింగ్ పనిచేస్తుంది.

సమస్య: 99.8 శాతం దగ్గర ఆగింది

మన ఐఎస్ఓను 256 కేబీ ముక్కలు చేస్తే 2560 అవుతాయి. అందులో ఐదు రాకపోతే 99.8 శాతం. `Availability` కాలమ్ చూడండి. అక్కడ 0.998 ఉంటే ఆ ఐదు ముక్కలూ మీకు కనెక్ట్ అయినవాళ్లలో ఎవరి దగ్గరా లేవు. పూర్తి ఫైలు ఉన్న సీడర్ అవి పంచకముందే వెళ్లిపోయాడు, మిగతా అందరూ మీలాగే అదే చోట ఆగి ఉన్నారు.

ఇలా జరగకూడదనే క్లయింట్లు ముక్కలను వరుసగా కాక, తక్కువమంది దగ్గర ఉన్నవాటిని ముందు దించుకుంటాయి. వీడియో చూద్దామని `Download in sequential order` పెట్టేవాళ్లు ఎక్కువైతే ఈ జాగ్రత్త దెబ్బతింటుంది.

ఏ సెట్టింగూ లేని ముక్కను తేలేదు. సీడర్ తిరిగొచ్చే దాకా ఆగాలి, లేదా సర్వర్ దగ్గరికి వెళ్లాలి. టొరెంట్ ఆపి, అదే వెర్షన్ ఐఎస్ఓను మిర్రర్ నుంచి దించి, ఉన్న ఫైలు స్థానంలో పెట్టి `Force recheck` చేయండి. 100 శాతం చూపించాక మళ్లీ మొదలుపెట్టి కాసేపు నడవనివ్వండి. ఇంతసేపూ ఆగి ఉన్నవాళ్లకు ఆ ఐదు ముక్కలు మీ దగ్గర నుంచే వెళ్తాయి.

సమస్య: శాతం పెరిగి మళ్లీ తగ్గుతోంది

వచ్చిన ప్రతి ముక్క హ్యాష్‌నూ క్లయింట్ సరిచూస్తుంది, తేడా వస్తే పారేసి మళ్లీ అడుగుతుంది. చెడ్డ ముక్కలు పంపే పీర్‌ను అదే బ్యాన్ చేస్తుంది కాబట్టి ఎప్పుడో ఒకటి పోతే పట్టించుకోనక్కర్లేదు. ఏ టొరెంట్ పెట్టినా ఇదే జరుగుతుంటే, లేదా పూర్తయిన ఫైలు రీచెక్‌లో మళ్లీ 97కి పడిపోతుంటే ఇంటర్నెట్‌ను వదిలేసి హార్డ్ డిస్క్, ర్యామ్ టెస్ట్ చేయించండి.