మల్టీ కరెన్సీ స్టేట్‌మెంట్ సరిచూసేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు

స్టేట్‌మెంట్ మీద అచ్చయిన మారకపు రేటును ముందే నమ్మకండి. డెబిట్ అయిన మొత్తం, క్రెడిట్ అయిన మొత్తం తీసుకుని రేటును మీరే లెక్కగట్టండి. ఛార్జీ ఎక్కడ దాక్కుందో అప్పుడే తెలుస్తుంది.

ఉదాహరణకు, డాలర్ ఖాతా నుంచి 1,000 పోయింది, యూరో ఖాతాలో 905 పడింది. పక్కన 'ఫీజు 5 డాలర్లు' అని ఉంది. ఆ 5 వెయ్యిలో కలిసే ఉందా, విడిగా తీశారా అన్నది మొదట తేల్చుకోవాలి. బ్యాలెన్స్ 1,000 మాత్రమే తగ్గితే ఫీజు లోపలే ఉన్నట్టు. అంటే నిజానికి మారింది 995 డాలర్లు. ఆ సమయానికి మార్కెట్ రేటు డాలర్‌కు 0.92 యూరో అనుకుంటే 915.40 రావాలి. వచ్చింది 905. మిగతా 10.40 యూరోలు రేటులోనే మినహాయించుకున్నారన్నమాట. 5 డాలర్ల ఫీజు అదే రేటులో 4.60 యూరోలు, దాన్ని కలిపితే ఖర్చు 15 యూరోలు, అంటే సుమారు 1.6 శాతం. ఛార్జీల పట్టికలో 'అర శాతం ఫీజు' అని మాత్రమే ఉండి, రేటులో మార్జిన్ సంగతి ఎక్కడా లేకపోతే గట్టిగా అడగాల్సిందే.

రేటు రోజూ మారుతుంది కాబట్టి రెండు ఎంట్రీల రేట్లు వేరుగా ఉన్నంత మాత్రాన తప్పు జరిగినట్టు కాదు. పోల్చాల్సింది మార్కెట్ రేటుకీ మీకు ఇచ్చిన రేటుకీ మధ్య తేడాను. ఒకే కరెన్సీ జతకు ఆ తేడా ఒకసారి 0.4 శాతం, ఇంకోసారి 1.5 శాతం ఉంటే కారణం వెతకండి. చాలాసార్లు అది వారాంతమే అవుతుంది. శని, ఆదివారాల్లో మార్కెట్ మూసి ఉంటుందని కొన్ని సంస్థలు అదనపు మార్జిన్ వేస్తాయి.

కార్డు ఖర్చుల్లో తేదీతో జాగ్రత్త. కొన్న రోజు ఒకటి, ఖాతాలో పోస్ట్ అయిన రోజు ఇంకొకటి. ఏ రోజు రేటు వర్తిస్తుందో నిబంధనల్లో చూసుకుని, ఆ తేదీ రేటుతోనే పోల్చండి. లేదంటే లేని తప్పు కనిపించి అనవసరంగా టెన్షన్ పడతారు. యూరో ఖాతాలో డబ్బు ఉండగా యూరో ఖర్చు డాలర్ ఖాతాలోంచి పోయిందా? దుకాణం వాళ్లే మెషీన్‌లో బిల్లును డాలర్లలోకి మార్చి ఉండొచ్చు. రసీదు మీద ఏ కరెన్సీ ఉందో చూడండి. అలా మారిస్తే ఆ రేటు దుకాణం వైపుది, మీ బ్యాంకుది కాదు.

చిన్న మొత్తాలతో మాత్రం రేటు లెక్కగట్టొద్దు. 3 డాలర్ల ఖర్చులో ఒక్క సెంటు రౌండింగ్ తేడా వస్తే అదే 0.3 శాతం అవుతుంది.

ఫిర్యాదు రాసేటప్పుడు లావాదేవీ నంబరు, తేదీ, రెండు మొత్తాలు, మీరు లెక్కగట్టిన రేటు ఇచ్చి, "ఏ రిఫరెన్స్ రేటు, ఏ సమయానిది, దానిపై ఎంత మార్జిన్ వేశారు?" అని అడగండి. 'రేట్లు మారుతుంటాయి' అనే జవాబుతో సరిపెట్టే వీలు వాళ్లకు ఉండదు.