అమెరికా స్కూల్లో టీచర్ ఉద్యోగం, 3వ పాఠం: మన బీఈడీ వాళ్ళ లెక్కలో ఎంత?

పోయిన పాఠంలో జే-1 టీచర్ వీసా గురించి చెప్పుకున్నాం, 3 ఏళ్ళు ఇస్తారు, ఆ తర్వాత ఇంకో 1 లేదా 2 ఏళ్ళు పొడిగించే వీలుంది అని. హెచ్-1బీ సంగతేంటి అని చాలామంది అడిగారు. 2025 సెప్టెంబర్ నుంచి బయటి దేశంలో ఉన్నవాళ్ళ కోసం వేసే కొత్త హెచ్-1బీ పిటిషన్ మీద లక్ష డాలర్లు పెట్టారు కదా, ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడుల్ని నడిపే మామూలు స్కూల్ డిస్ట్రిక్ట్ ఏదీ ఒక లెక్కల టీచర్ కోసం అంత కట్టదు, కాబట్టి ఈ పాఠాలన్నీ జే-1 మీదే నడుస్తాయి.

ఈ రోజు విషయం పేపర్లు. బోర్ కొడుతుంది, కానీ ఇంటర్వ్యూలో ఫెయిలయ్యేవాళ్ళ కంటే ఇక్కడే ఆగిపోయేవాళ్ళు ఎక్కువ.

ముందు ఒక సంగతి బుర్రలో క్లియర్‌గా పెట్టుకోండి. ఉద్యోగం ఇచ్చేది స్కూల్ డిస్ట్రిక్ట్. ఆ రాష్ట్రంలో క్లాసులోకి వెళ్ళడానికి లైసెన్స్ ఇచ్చేది ఆ రాష్ట్ర విద్యాశాఖ. జే-1 వీసాకి కావాల్సిన డీఎస్-2019 అనే ఫారం ఇచ్చేది స్పాన్సర్, అంటే అమెరికా స్టేట్ డిపార్ట్‌మెంట్ గుర్తించిన సంస్థ. వీసా స్టాంపు వేసేది నానక్‌రామ్‌గూడ కాన్సులేట్. అమీర్‌పేట్‌లో బోర్డు పెట్టుకున్న కన్సల్టెన్సీ ఈ నాలుగింట్లో ఏదీ కాదు, మధ్యలో పరిచయం చేసేవాడు అంతే. "వీసా గ్యారంటీ, ముందు 3 లక్షలు కట్టండి" అన్నాడంటే లేచి వచ్చేయండి. స్పాన్సర్ పేరు అడగండి, ఆ పేరు j1visa.state.gov లో టీచర్ కేటగిరీ లిస్టులో ఉందో లేదో మీరే చూసుకోండి, రెండు నిమిషాల పని. ఫీజులు ఏవి ఎవరికి ఎంతో అన్నీ రాతపూర్వకంగా తీసుకోండి.

ఇప్పుడు అర్హత. రూల్ చూస్తే సింపుల్‌గానే ఉంటుంది: ఎడ్యుకేషన్‌లో గానీ మీ సబ్జెక్టులో గానీ అమెరికా బ్యాచిలర్స్‌కి సమానమైన డిగ్రీ, 24 నెలల ఫుల్ టైమ్ టీచింగ్ అనుభవం, క్లాసు నడపగలిగేంత ఇంగ్లీషు, పైగా మీరు వెళ్ళే రాష్ట్రం పెట్టిన షరతులు. చిక్కంతా ఆ "సమానమైన" దగ్గర ఉంది.

మన బీఎస్సీ 3 ఏళ్ళు, వాళ్ళ బ్యాచిలర్స్ 4 ఏళ్ళు. మన డిగ్రీ వాళ్ళ లెక్కలో దేనికి సమానమో తేల్చే ఎవాల్యుయేషన్ ఏజెన్సీలు ఉంటాయి, ఒట్టి బీఎస్సీ పంపిస్తే వాటిలో చాలా "మూడేళ్ళ అండర్‌గ్రాడ్యుయేట్ చదువు" అని రాసి వదిలేస్తాయి, డిగ్రీ అని రాయవు. దాని మీద బీఈడీ కలిపి పంపిస్తే అప్పుడు బ్యాచిలర్స్‌కి సమానం అని వస్తుంది. 2015 ముందు బీఈడీ చేసినవాళ్ళకి అది ఏడాది కోర్సు, ఆ తర్వాత రెండేళ్ళు, 3 ప్లస్ 1 అయినా 4 అవుతుంది కాబట్టి పాత బ్యాచ్ వాళ్ళు కంగారు పడొద్దు. అందరూ చేసే పొరపాటు ఏంటంటే డబ్బు మిగులుతుందని ఒక్క డిగ్రీనే ఎవాల్యుయేషన్‌కి పంపడం, లేదా పీజీ ఉంది కదా అని బీఈడీ వదిలేయడం. ఇంటర్ తర్వాత చదివింది మొత్తం ఒకే ఫైల్లో పంపండి.

ఎవాల్యుయేషన్‌లో రెండు రకాలు. డాక్యుమెంట్ బై డాక్యుమెంట్ అంటే మీ డిగ్రీ దేనికి సమానమో ఒక్క లైన్లో చెప్తారు, చవక. కోర్స్ బై కోర్స్ అంటే ప్రతి పేపర్‌కీ క్రెడిట్లు, గ్రేడ్ వేసి ఇస్తారు, ఖర్చు ఎక్కువ, టైమ్ కూడా ఎక్కువ. మీరు రెండోదే చేయించుకోండి. ఎందుకంటే లైసెన్స్ ఇచ్చే రాష్ట్రం లెక్కల టీచర్‌కి లెక్కల్లో ఇన్ని క్రెడిట్లు ఉండాలి అని చూస్తుంది, ఒక్క లైన్ రిపోర్టులో ఆ క్రెడిట్లు కనపడవు, మళ్ళీ డబ్బు కట్టి మళ్ళీ చేయించుకోవాలి. మన ఎంపీసీ డిగ్రీలో ఇంకో చిక్కుంది. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ మూడూ దాదాపు సమానంగా చదువుతాం, దేంట్లోనూ వాళ్ళ మేజర్ అంత క్రెడిట్లు పోగవ్వవు. క్రెడిట్లు తగ్గితే చాలా రాష్ట్రాల్లో ప్రాక్సిస్ లాంటి సబ్జెక్ట్ పరీక్ష రాసే దారి ఉంటుంది, ఎమ్మెస్సీ ఉన్నవాళ్ళకి ఈ బాధ తక్కువ. సౌత్ కరోలినా, నార్త్ కరోలినా లాంటి చోట బయటి దేశం టీచర్లకి విడిగా ఇంటర్నేషనల్ లైసెన్స్ ఉంది, అది కొంచెం తేలిక. ఏ ఏజెన్సీ రిపోర్టు ఒప్పుకుంటారు అనేది కూడా రాష్ట్రానికి రాష్ట్రానికి మారుతుంది, స్పాన్సర్‌ని అడిగాకే డబ్బు కట్టండి.

స్పెషల్ ఎడ్యుకేషన్ వాళ్ళకి ఒక మాట. అక్కడ ఎక్కువ ఖాళీలు ఉండేది ఇందులోనే, అందుకే మామూలు బీఈడీ వాళ్ళని కూడా "స్పెషల్ ఎడ్‌కి అప్లై చేసేయండి" అని తోసేస్తుంటారు. మన దగ్గర బీఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్ అంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అదే ఆర్‌సీఐ, గుర్తింపు ఉన్న కోర్సు, అది చేసినవాళ్ళకి ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. అది లేకుండా వెళ్తే రాష్ట్రం లైసెన్స్ దగ్గర ఆగిపోవచ్చు, ఒకవేళ దాటినా ఆ పిల్లల్లో ఒక్కొక్కరికీ చట్టం ప్రకారం రాయాల్సిన చదువు ప్లాన్లు రాయడం రాక మొదటి నెలలోనే తల పట్టుకుంటారు.

ఇప్పుడు పేర్లు. ఇది చిన్న విషయం కాదు. మన టెన్త్ మెమోలో కె. లక్ష్మి, డిగ్రీ మెమోలో కందుల లక్ష్మి, బీఈడీలో పెళ్ళయ్యాక అత్తారింటి పేరు, పాస్‌పోర్టులో ఇంటిపేరు కాలమ్ ఖాళీగా పెట్టి మొత్తం గివెన్ నేమ్‌లో పడేశారు. మన ఊళ్ళో ఎవడూ పట్టించుకోడు, కానీ ఎవాల్యుయేషన్ ఏజెన్సీ వాడికి వీళ్ళు ముగ్గురు వేరు వేరు మనుషులు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఖాళీగా ఉంటే వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరు వైపు జరిగి అసలు పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ, అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అని పడుతుంది, ఆ తర్వాత బ్యాంకు నుంచి స్కూల్ ఐడీ కార్డు దాకా అన్నిచోట్లా మీరు ఎఫ్‌ఎన్‌యూనే. ముందు పాస్‌పోర్టు సరి చేయించుకోండి, తర్వాత మిగతా తేడాలకి ఈ పేర్లన్నీ ఒకే మనిషివి అని నోటరీ అఫిడవిట్ చేయించుకోండి, ఆ తర్వాతే అప్లికేషన్. వరస తిరగేస్తే ప్రతి పేపరూ మళ్ళీ చేయాలి.

అనుభవం సర్టిఫికెట్ దగ్గర ప్రైవేట్ స్కూల్ టీచర్లు బాగా ఇబ్బంది పడతారు. "ఈమె మా స్కూల్లో పనిచేసింది, ప్రవర్తన బాగుంది" అని రెండు లైన్లు రాసి సీల్ కొట్టిస్తారు కదా, అది పనికిరాదు. లెటర్‌హెడ్ మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ సబ్జెక్టు, ఏ క్లాసులు, ఫుల్ టైమ్ అన్న మాట, వారానికి ఎన్ని పీరియడ్లు, సంతకం పెట్టినవాళ్ళ పేరు, హోదా, ఆఫీస్ ఈమెయిల్, ఇవన్నీ ఉండాలి. స్పాన్సర్ రిఫరెన్స్ కోసం హెడ్‌మాస్టర్‌కి మెయిల్ పెడతాడు, ఆ మెయిల్ సారు చూడకపోతే మీ ఫైల్ అక్కడే పడి ఉంటుంది. ముందే వెళ్ళి "సార్, ఇలా ఒక మెయిల్ వస్తుంది, రిప్లై ఇవ్వండి" అని చెప్పుకోండి.

ఇంకొకటి, చాలా ముఖ్యమైనది. అప్లై చేసే టైమ్‌కి మీరు టీచర్‌గా పనిచేస్తూ ఉండాలి, మన దేశంలో గానీ మీరు చట్టపరంగా నివాసం ఉన్న దేశంలో గానీ. గల్ఫ్‌లో పనిచేస్తున్న మనవాళ్ళకి కూడా అందుకే వీలవుతుంది. పని మానేసినవాళ్ళకి ఉన్న దారి ఇరుకు: గత 8 ఏళ్ళలో 2 ఏళ్ళ ఫుల్ టైమ్ అనుభవం ఉండాలి, పైగా బ్యాచిలర్స్ పై డిగ్రీ ఒకటి అప్లికేషన్‌కి ముందు 12 నెలల లోపు పూర్తి చేసి ఉండాలి. ప్రిపరేషన్ కోసమని రిజైన్ చేసి కోచింగ్‌లో కూర్చున్నవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు, వీసా చేతికొచ్చేదాకా ఉద్యోగం వదలకండి. గవర్నమెంట్ టీచర్లయితే డిపార్ట్‌మెంట్ ఎన్‌ఓసీ, సెలవు సంగతి ఇప్పుడే మొదలుపెట్టండి, అది మీ వీసా కంటే లేట్ అవ్వొచ్చు.

ఒక కేసు వేసుకుని చూద్దాం. నల్గొండలో ఒక మేడమ్ అనుకోండి, బీఎస్సీ ఎంపీసీ 2011 నుంచి 2014, బీఈడీ 2015 నుంచి 2017, 2018 జూన్ నుంచి ఒకే ప్రైవేట్ హైస్కూల్లో 8, 9, 10 క్లాసులకి లెక్కలు. బీఎస్సీ, బీఈడీ కలిపి 5 ఏళ్ళు, కాబట్టి డిగ్రీ సమానం దగ్గర గొడవ లేదు. అనుభవం 24 నెలలకి ఎప్పుడో దాటింది, ఇంకా పనిచేస్తూనే ఉంది. ఆమెకి బలహీనం ఒక్కటే, లెక్కల క్రెడిట్లు. అందుకే ఆమె హైస్కూల్ పోస్టుల వెంట కాకుండా మిడిల్ స్కూల్ లెక్కల వైపు వెళ్తే మంచిది, అక్కడ అడిగే సబ్జెక్టు లోతు సాధారణంగా తక్కువ.

ఆగస్టులో అక్కడ బడులు తెరుస్తారు, డిస్ట్రిక్టులు జనవరి నుంచి మే దాకా గట్టిగా తీసుకుంటాయి. అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి. సెప్టెంబర్‌లో ఆమె యూనివర్సిటీలో ట్రాన్స్‌స్క్రిప్ట్‌కి అప్లై చేస్తుంది, సీల్ చేసిన కవర్ యూనివర్సిటీ నుంచే వెళ్ళాలి అని చాలా ఏజెన్సీలు అడుగుతాయి, ఎగ్జామినేషన్ బ్రాంచి చుట్టూ తిరగడానికి వారాలు పోతాయి. ఒరిజినల్ డిగ్రీ పట్టా తీసుకోకుండా ప్రొవిజినల్‌తోనే కాలం గడిపేసి ఉంటే అది కూడా ఇప్పుడే. నవంబర్, డిసెంబర్‌లో ఎవాల్యుయేషన్ రిపోర్టు చేతికి. జనవరి నుంచి వీడియో ఇంటర్వ్యూలు. ఏప్రిల్‌లో ఆఫర్ వస్తే స్పాన్సర్ ఫైల్ చూసి డీఎస్-2019 ఇచ్చేసరికి మే. దాని మీద సెవిస్ ఫీజు 220 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు, వీసా అప్లికేషన్ ఫారం డీఎస్-160 నింపి స్లాట్ బుక్ చేస్తే జూన్. ప్రోగ్రామ్ మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు కంటే తొందరగా దిగనివ్వరు, కాబట్టి జూలైలో ఫ్లైటు. ఇందులో ఎక్కడైనా రెండు నెలలు జారితే ఆ ఏడాది పోయినట్టే, ఎందుకంటే ఆగస్టు దాటితే స్కూల్ ఆ పోస్టు ఖాళీగా ఉంచదు.

జే-1 అయ్యాక రెండేళ్ళు ఇండియాలో ఉండి తీరాలి అన్న పాత షరతు గురించి కూడా అడుగుతున్నారు. ఈ షరతు ఏ దేశాల వాళ్ళకో చెప్పే స్కిల్స్ లిస్ట్‌ని 2024 డిసెంబర్‌లో మార్చినప్పుడు ఇండియాని అందులోంచి తీసేశారు, గవర్నమెంట్ డబ్బుతో వెళ్ళేవాళ్ళకి మాత్రం ఆ షరతు ఇంకా ఉంటుంది. అది పోయింది కదా అని వీసా ఇంటర్వ్యూలో "అక్కడే సెటిల్ అవుతా" అనకండి, జే-1 తిరిగొచ్చే ఉద్దేశం ఉన్నవాళ్ళకే ఇస్తారు.

ఈ వారం హోంవర్క్: టెన్త్ నుంచి బీఈడీ దాకా ప్రతి మెమోలో మీ పేరు అచ్చం ఎలా పడిందో స్పెల్లింగ్‌తో సహా ఒక కాగితం మీద వరసగా రాయండి, పక్కన పాస్‌పోర్టు పేరు. తర్వాత పైన చెప్పినవన్నీ ఉండేలా అనుభవం సర్టిఫికెట్ డ్రాఫ్ట్ మీరే టైప్ చేసి హెడ్‌మాస్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, ఆయన్ని రాయమంటే మళ్ళీ ఆ రెండు లైన్లే వస్తాయి. 4వ పాఠంలో వీడియో ఇంటర్వ్యూ, "క్లాసులో పిల్లాడు మాట వినకపోతే ఏం చేస్తారు" అన్న ప్రశ్నకి మనవాళ్ళు చెప్పే జవాబు వాళ్ళకి ఎందుకు నచ్చదో అందులో చూద్దాం.