పెయిడ్ ప్రమోషన్‌ను మర్యాదగా కాదనడం ఎలా?

ఇన్‌ఫ్లుయెన్సర్‌కు కాదని చెప్పేటప్పుడు బడ్జెట్‌ను మాత్రమే కారణంగా చూపితే, తగ్గించిన ధరతో మళ్లీ సందేశం వస్తుంది. అందుకే వారి ప్రేక్షకులు మీ వ్యాపారానికి తగినవారు కాకపోవడాన్నే ముందు రాయాలి. ఉదాహరణకు, హైదరాబాద్‌లో మాత్రమే డెలివరీ చేసే పచ్చళ్ల వ్యాపారాన్ని ఒక రీల్‌కు 40,000 రూపాయలు అడిగారనుకుందాం. జవాబు ఇలా ఉండవచ్చు:

“నమస్కారమండీ. మా పచ్చళ్లపై ఆసక్తి చూపినందుకు ధన్యవాదాలు. మేము హైదరాబాద్‌లోనే డెలివరీ చేస్తున్నాము. మీరు పంపిన ఇన్‌సైట్స్ ప్రకారం మీ ఫాలోవర్లలో ఎక్కువమంది ఇతర రాష్ట్రాలవారు. మీరు చెప్పిన మొత్తం కూడా మా నెలవారీ ప్రచార ఖర్చును మించుతోంది. అందువల్ల ఈ ప్రతిపాదనను స్వీకరించలేకపోతున్నాము.”

నిజంగా ఆ ఉద్దేశం లేనప్పుడు “తర్వాత చూద్దాం” అని రాయకండి. దాన్ని సగం అంగీకారంగా భావించి వారు ఎదురుచూస్తారు.