ఒకే చక్రం మళ్లీ మళ్లీ పంచరైతే బ్రేకు పట్టి చూడండి

పిల్లలూ, సైకిలుకు గాలి కొట్టడం మీకు వచ్చు, చైను పడితే ఎక్కించడం వచ్చు. అవి నేను చెప్పను. బయల్దేరే ముందు బ్రేకులు, టైర్లు, లైట్లు చూసుకోవాలని కూడా మీకు తెలుసు. చాలామంది చూస్తారు కూడా. టైరును బొటనవేలితో నొక్కుతారు, బ్రేకు లివరు ఓసారి పట్టి వదులుతారు, అయిపోయిందనుకుంటారు. లివరు పట్టి ఉంచి, వంగి, బ్రేకు రబ్బరు ఎక్కడ ఆనుతోందో చూసేవాళ్లు మాత్రం నా షాపుకు వచ్చేవాళ్లలో దాదాపు లేరు. అందుకే ఇవాళ ఎక్కువసేపు దాని గురించే మాట్లాడతాను.

సమస్య: ఒకే చక్రం పదే పదే పంచరవుతోంది

ముందు ట్యూబు మీద చిల్లు ఎక్కడుందో చూడండి. రోడ్డును తాకే వైపు సన్నని చిల్లుంటే ముల్లో, మేకో, గాజుపెంకో. టైరు లోపల వేళ్లతో మెల్లగా తడిమి దాన్ని తీసేయకపోతే మళ్లీ గుచ్చుతుంది. పక్కపక్కనే రెండు చిన్న గాట్లుంటే గాలి తక్కువతో గుంతలోనో స్పీడ్ బ్రేకర్ మీదో దూకించారన్నమాట. ఎంత గాలి ఉండాలో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది, ఆ అంకె వరకు కొట్టండి. లోపలి వైపు, అంటే రిమ్ము వైపు చిల్లుంటే స్పోకు కొస పొడుచుకొస్తోంది, రిమ్ము పట్టీ మార్చాలి. ఈ మూడూ పంచరు షాపులో ఎవరైనా సరిచేస్తారు.

చిల్లు ట్యూబు పక్కవైపున ఉండి, పొడవుగా చీరినట్టు ఉందంటే అక్కడ ఆగండి. నన్ను ఎక్కువగా ఏడిపించేది ఇదే.

బంజారాహిల్స్‌లో గుట్ట మీద ఇల్లు, దిగువన బడి ఉన్న ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి వెనక చక్రం తీసుకుని వాళ్ల నాన్నతో వచ్చాడు. అప్పటికే అతుకులు వేశారు, ట్యూబు మార్చారు, టైరు కూడా కొత్తది వేశారు. ఆ కొత్త టైరూ కొద్దివారాలకే దిగుడులో ఠప్పున పగిలింది. "అన్నా, ట్యూబులే నాసిరకమా?" అని అడిగాడు ఆయన. ట్యూబు బాగానే ఉంది. టైరును వెలుతురుకేసి తిప్పి చూస్తే ఎడమ పక్కన, రిమ్ముకు కాస్త పైన, చుట్టూ గీత గీసినట్టు రబ్బరు అరిగిపోయింది. ఒకచోట లోపలి దారాలు తెగి చీలిక పడింది. చక్రం బిగించి వేలితో తిప్పితే ఎక్కడా రాసుకోలేదు, చప్పుడూ లేదు. లివరు పట్టగానే తెలిసింది: ఎడమ రబ్బరు వెనక కొస రిమ్ము దాటి టైరు మీద కూర్చుంటోంది.

కిటుకంతా అక్కడే ఉంది. బ్రేకు వదిలి ఉన్నప్పుడు రబ్బరు దేన్నీ తాకదు. చక్రాన్ని ఎంత తిప్పి చూసినా తప్పు కనబడదు. బ్రేకు వేసినప్పుడు మాత్రమే టైరును గీకుతుంది. దిగుడు దారిలో రోజూ వెళ్లేవాళ్లు ఎక్కువసేపు బ్రేకు పట్టే ఉంచుతారు కాబట్టి వాళ్లకు త్వరగా అరుగుతుంది. టైరుకు రోడ్డును తాకే వైపున్నంత మందం పక్కల ఉండదు. దారాల మీద పల్చటి రబ్బరు పూత, అంతే. పూత పోతే దారాలు బయటపడతాయి, దారాలు తెగితే అక్కడ బుడిపె లేస్తుంది. ఆ బుడిపెలోంచే ట్యూబు ఉబ్బి బయటికొచ్చి పగులుతుంది. పంచరు వేసే మనిషి ట్యూబునే చూస్తాడు, బ్రేకు వంక చూడడు. అందుకే ఆ ఇంట్లో డబ్బు పోతూనే ఉంది.

బ్రేకు రబ్బరు అలా పక్కకు ఎందుకు జరిగింది? కొత్త రబ్బర్లు వేసి నట్టు బిగించేటప్పుడు, పట్టుకోకపోతే నట్టుతో పాటు రబ్బరు కూడా కొంచెం తిరుగుతుంది, ఒక కొస పైకి లేస్తుంది. ఆ అబ్బాయి సైకిలుకు జరిగింది ఇదే. ఇంకో దారి కూడా ఉంది. పంచరు వేశాక చక్రం తిరిగి పెట్టేటప్పుడు ఇరుసు గాడిలో చివరిదాకా కూర్చోకపోతే రిమ్ము కిందికి జారినట్టవుతుంది. రబ్బరు ఉన్నచోటే ఉన్నా టైరు మీద పడుతుంది.

అందుకని సరిచేసేటప్పుడు రబ్బరు జోలికి ముందే వెళ్లకండి. ఇరుసు నట్లు వదులు చేసి, చక్రాన్ని గాడిలోకి పూర్తిగా నెట్టి, చక్రం మధ్యలో ఉందో లేదో చూసి బిగించండి. అప్పటికీ రబ్బరు టైరుకు తగులుతుంటే రబ్బరు నట్టు వదులు చేయాలి. చాలా సైకిళ్లకు 10 నంబరు పానా సరిపోతుంది, కొన్నిటికి 5 నంబరు ఎల్లన్ కీ కావాలి. రబ్బరు మొత్తం రిమ్ము లోహం మీదే ఆనాలి. దాని పై అంచుకూ టైరుకూ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల రిమ్ము కనబడాలి. మరీ కిందికి దించితే స్పోకుల వైపు జారిపోతుంది, అదీ ప్రమాదమే. స్నేహితుణ్ని లివరు గట్టిగా పట్టుకోమని, మీరు ఒక చేత్తో రబ్బరును కదలకుండా పట్టి రెండో చేత్తో నట్టు బిగించండి. బిగించాక లివరు పట్టి మళ్లీ చూడండి, బిగింపులోనే జరుగుతుందని చెప్పాను కదా. రెండు పక్కలా చూడండి.

దారాలు కనబడుతున్న టైరుకు అతుకు పనికిరాదు, మార్చాల్సిందే. ఆ అబ్బాయి రబ్బరు సరిచేసి మళ్లీ కొత్త టైరు వేశాను. రబ్బరు ముందే చూసుంటే ఒక టైరు ఖర్చు మిగిలేది.

డిస్కు బ్రేకులున్న సైకిళ్లకు ఈ గొడవ లేదు. తాతల కాలం రాడ్డు బ్రేకు సైకిళ్లలో రబ్బరు రిమ్ము లోపలివైపు ఆనుతుంది కాబట్టి వాటికీ లేదు.

సమస్య: లివరు హ్యాండిల్‌కు తగిలేదాకా వస్తోంది

రబ్బర్లు అరిగాయి, లేదా తీగ సాగింది. రబ్బరు మీద గీతలు అరిగి నున్నగా అయితే మార్చండి. గీతలుంటే లివరు దగ్గర తీగ బిగించే మరను బయటికి తిప్పితే సరిపోతుంది. తీగ పోగు ఒక్కటి తెగినా మొత్తం తీగ మార్చాలి. లివరు బాగానే ఉన్నా సైకిలు ఆగకపోతే రిమ్ము మీద నూనె పడిందేమో చూడండి. చైనుకు వేసిన నూనె అక్కడ పడుతుంటుంది, సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి.

సమస్య: వెనక లైటు వెలుగుతోంది, అయినా వెనకవాళ్లకు కనబడడం లేదు

డిసెంబరులో ట్యూషన్ అయ్యేసరికే చీకటి పడుతుంది. లైటు వెలగకపోతే బ్యాటరీ, లేదంటే లోపలి రేకు తుప్పు. గరుకు కాగితంతో రుద్దండి. వెలుగుతున్నా లాభం లేకపోవడానికి చాలాసార్లు కారణం బడిసంచి. క్యారియర్‌కు కట్టిన సంచి పట్టీయో, వానకు కప్పిన కవరో లైటును మూసేస్తుంది. లైటు వేసి, సంచి కట్టాక, సైకిలు వెనక పది అడుగులు వెళ్లి చూడండి. ఎర్ర వెలుగు కనబడకపోతే లైటును క్యారియర్ కింద నుంచి తీసి మడ్‌గార్డ్ చివర బిగించండి.