పేపర్ మూసేసి ఎంట్రీ రాయండి
చదివిన ఒక్కో పేపర్ గురించి చిన్న నోట్ రాసుకునే అనోటేటెడ్ బిబ్లియోగ్రఫీలో అబ్‌స్ట్రాక్ట్‌నే మాటలు మార్చి దింపేస్తే, లిటరేచర్ రివ్యూ రాసేటప్పుడు అది ఎందుకూ పనికిరాదు. నేను 12 ఎంట్రీలు అలాగే రాసి, తర్వాత పేపర్లన్నీ మళ్లీ తెరిచాను.

మెథడ్స్, రిజల్ట్స్ చదివి, ఫైల్ మూసేసి రాయండి: ఎవరిని, ఎంతమందిని, ఎలా పరిశీలించారు, ఏం తేలింది. అంకెలు మాత్రం మళ్లీ తెరిచి సరిచూసుకోండి.

చివరి వాక్యం పక్క పేపర్‌తో పోల్చాలి. మధ్యాహ్న భోజనం మీద రెండు పేపర్లున్నాయనుకోండి. ఒకటి హాజరు పెరిగిందంటుంది, ఇంకోటి పెద్దగా మారలేదంటుంది. మొదటిది బడి రిజిస్టర్ చూసింది, రెండోవాళ్లు చెప్పకుండా వెళ్లి పిల్లల్ని లెక్కపెట్టారు. 'తేడా కొలిచిన తీరులో ఉండొచ్చు' అని ఎంట్రీలోనే రాసుకుంటే, రివ్యూలో ఆ పేరా సగం తయారైనట్టే.